కంపారిజన్ టెస్టులో గుర్తు తిరగబడితే

ప్రశ్న: "∫₂^∞ dx/√(x³−1) కన్వర్జ్ అవుతుందా అని ఇంటర్నల్‌లో అడిగారు. కింద ఉన్న −1 చిన్నదే కదా అని వదిలేసి 1/x^(3/2) తో పోల్చాను. p = 3/2, ఒకటి కంటే ఎక్కువ, కాబట్టి కన్వర్జ్ అని రాశాను. ఆన్సర్ కరెక్టే అంటున్నారు, మార్కులు మాత్రం వెయ్యలేదు. ఎందుకు?"

జవాబు:

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద చాలా ఏళ్లు బీఎస్సీ పిల్లలకు ట్యూషన్ చెప్పాను. సరిగ్గా ఈ తప్పుతోనే పేపర్లు పట్టుకుని వచ్చేవాళ్లు, "మేడమ్, ఆన్సర్ వచ్చింది కదా" అని. మీ ఆన్సర్ నిజమే. మీరు రాసిన కారణంలోంచి ఆ ఆన్సర్ రాదు, అంతే.

x = 2 దగ్గర రెండు ఫంక్షన్లకూ విలువ వేసి చూడండి. √(8−1) అంటే √7, సుమారు 2.646. కాబట్టి మీ ఫంక్షన్ విలువ 0.378. పోల్చడానికి తెచ్చుకున్నది 1/√8, అంటే 0.354. మీ ఫంక్షనే పెద్దది. ఇది 2 దగ్గర ఒక్కచోటే కాదు, ఎక్కడైనా ఇంతే. హారంలోంచి 1 తీసేస్తే హారం తగ్గుతుంది, భిన్నం పెరుగుతుంది.

నేను పిల్లలకు నేల, పైకప్పు అని చెప్పేదాన్ని. కన్వర్జ్ అని చూపించాలంటే మన ఫంక్షన్ మీద ఒక పైకప్పు వెయ్యాలి, ఆ కప్పు కింద వైశాల్యం పరిమితంగా ఉండాలి. మీరు తెచ్చిన 1/x^(3/2) మీ ఫంక్షన్‌కి కప్పు కాదు, కింద పరిచిన నేల. నేల కింద వైశాల్యం పరిమితమని తెలిస్తే పైన ఉన్నదాని గురించి ఏమీ తెలియదు. ధాన్యం బస్తా 50 కిలోలకు తగ్గదని తెలిసినంత మాత్రాన 80 దాటదని ఎవరూ చెప్పలేరు కదా. అదే ప్రశ్నలో −1 బదులు +1 ఉండుంటే మీరు రాసింది అక్షరం మార్చకుండా సరిపోయేది.

ఇప్పుడు కప్పు వేద్దాం. −1 ని ఊరికే వదిలెయ్యకుండా, అది x³ లో ఎంత భాగాన్ని తినగలదో చూడాలి. x ≥ 2 అయితే x³ కనీసం 8. కాబట్టి 1 అనేది x³ లో సగానికి మించదు. అంటే x³−1 ≥ x³/2. రెండు వైపులా వర్గమూలం తీసి తిరగేస్తే

1/√(x³−1) ≤ √2 / x^(3/2)

ఇది కప్పు. ∫₂^∞ x^(−3/2) dx విలువ 2/√2, అంటే √2. దాన్ని √2 తో గుణిస్తే 2. మీ ఇంటిగ్రల్ 2 దాటదు, ఫంక్షన్ పాజిటివ్, కాబట్టి కన్వర్జ్. మీరు మొదట రాసిన పోలిక కూడా వృథా కాదు, అది √2 కంటే తక్కువ కాదని చెబుతుంది. అసలు విలువ సుమారు 1.4275, అంటే నేలకి బాగా దగ్గరగా ఉంది. సగం బదులు 7/8 తీసుకున్నా x ≥ 2 కి అసమానత నిలుస్తుంది, అప్పుడు కప్పు సుమారు 1.512 కి దిగుతుంది. కానీ కన్వర్జ్ అని నిరూపించడానికి బిగుతైన కప్పు అక్కర్లేదు. లెక్క సులువయ్యేది చాలు.

ఈ స్థిరాంకం వెతకడం ఇష్టం లేకపోతే లిమిట్ కంపారిజన్ టెస్ట్ వాడండి. మీ ఫంక్షన్‌ని 1/x^(3/2) తో భాగిస్తే 1/√(1−1/x³) వస్తుంది, x పెరిగేకొద్దీ అది 1 కి చేరుతుంది. లిమిట్ సున్నా కాని పరిమిత సంఖ్య అయితే రెండింటికీ ఒకే గతి. కారణం కూడా పైన చేసిందే: నిష్పత్తి 1 కి దగ్గరపడిందంటే, ఎక్కడో ఒకచోటు దాటాక మన ఫంక్షన్ రెండోదానికి రెట్టింపు లోపలే ఉంటుంది. ఆ చోటుకి ముందున్న భాగం సంగతి వేరు. ఇక్కడ 2 నుంచి మొదలు కాబట్టి ఇబ్బంది లేదు, ఫంక్షన్ కంటిన్యువస్. కింది హద్దు 1 ఇచ్చి ఉంటే హారం 1 దగ్గరే సున్నా అయ్యేది, ఆ చివర విడిగా తేల్చాల్సి వచ్చేది. (అక్కడ ఫంక్షన్ దాదాపు 1/√(3(x−1)) లా నడుస్తుంది, కాబట్టి ఆ భాగమూ కన్వర్జే. కానీ ఆ మాట రాయకపోతే సగం జవాబే.)

నేను డిగ్రీ చదివేటప్పుడు తిన్న దెబ్బ ఇంకోటి. ∫₁^∞ dx/x^(1+1/x) అని ఇచ్చారు. ఘాతం 1+1/x ఎప్పుడూ ఒకటి కంటే ఎక్కువే, కాబట్టి p-టెస్ట్ ప్రకారం కన్వర్జ్ అని రెండు లైన్లలో రాసేసి, అందరికంటే ముందు బయటికొచ్చి గర్వంగా నిలబడ్డాను. సున్నా వచ్చింది. తప్పు ఎక్కడో పేపర్ దిద్దిన లెక్చరర్ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ సాయంత్రం బొబ్బిలి వెళ్లే ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని మళ్లీ చూశాను. p-టెస్టులో p కదలకూడదు, ఇక్కడ అది ప్రతి x కీ మారుతూ 1 వైపు జారిపోతోంది. అయితే డైవర్జ్ అని చూపించడం ఎలా? ఈసారి కావాల్సింది నేల. ఫంక్షన్ అంటే 1/(x · x^(1/x)). ఆ x^(1/x) ఎంతవరకు పెరగగలదు? ఏ x కైనా x < 2^x కదా, కాబట్టి x^(1/x) < 2. అంటే ఫంక్షన్ 1/(2x) కంటే పెద్దది. 1/(2x) డైవర్జ్, కాబట్టి ఇదీ డైవర్జ్. గజపతినగరం రాకముందే అయిపోయింది. పరీక్ష హాల్లో ఆ ఒక్క లైను ఎందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఇలాంటివి కాలిక్యులేటర్ చూసి తేల్చుకుందామనుకోవద్దు. ఈ ఇంటిగ్రల్ x = 1000 వరకు సుమారు 6, పది లక్షల వరకు వెళ్లినా సుమారు 13. చూసేవాళ్లకి ఎక్కడో ఆగిపోతుందనే అనిపిస్తుంది.

మీ పేపర్ విషయానికొస్తే, అదే −1 ఇంకోచోట మీకు సాయం చేస్తుంది. ∫₂^∞ dx/√(x²−1) ఇస్తే 1/x తో నేరుగా పోల్చండి. ఫంక్షన్ 1/x కంటే పెద్దది, 1/x డైవర్జ్, ఒక్క లైన్లో పని అయిపోతుంది. +1 ఇస్తే మాత్రం అక్కడ స్థిరాంకం కావాలి: x ≥ 1 కి x²+1 ≤ 2x², కాబట్టి 1/√(x²+1) ≥ 1/(√2 x). ఈ రెండూ, మీ మొదటి లెక్కా పక్కపక్కన రాసుకుని, ఎక్కడ నేల వేశారో, ఎక్కడ కప్పు వేశారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.