వాక్యం తోక చూడు

అమ్మాయీ, ఆశీస్సులు.

నువ్వు పంపిన గ్రంథాలయం నోటీసు చదివాను. ఎక్కడో ఎబ్బెట్టుగా ఉందిగానీ చోటు దొరకడం లేదన్నావు. అర్థం కోసం చదివినంతసేపూ అది దొరకదు. అర్థం పక్కనపెట్టి ప్రతి వాక్యంలోనూ చివరి క్రియ ఒక్కటే పైకి చదువు.

"సభ్యులు 10వ తేదీలోగా రుసుము చెల్లించవలెను. ఆలస్యమైతే జరిమానా ఉంటుంది. పుస్తకము పోగొట్టుకున్నచో దాని వెల కట్టాలి. పాత పత్రికలు లోపలి గదిలో ఉన్నాయి. అక్కడే చదువుకొనవచ్చును."

చెల్లించవలెను, ఉంటుంది, కట్టాలి, ఉన్నాయి, చదువుకొనవచ్చును. మొదటిదీ చివరిదీ గ్రాంథికం, మధ్యలో మూడూ వాడుక భాష. సగం పని ఇక్కడే అయిపోయింది.

మిగతా సగం వాక్యం నడుమ దాక్కుంటుంది. మూడో వాక్యం చూడు. 'కట్టాలి' అని వాడుకలో ముగిసింది కాబట్టి తోక ఒక్కటే చూసేవాళ్లు దాన్ని వదిలేస్తారు. కానీ లోపల 'పోగొట్టుకున్నచో' ఉంది. 'చో' గ్రాంథికం, దాని ముందున్న 'కున్న' వాడుక. ఒక్క మాటలోనే రెండు భాషలు! గ్రాంథికమైతే 'పోగొట్టుకొన్నచో', వాడుకైతే 'పోగొట్టుకుంటే'. అదే సహాయక్రియ చివరి వాక్యంలో 'కొన' అయి కూర్చుంది. అందుకే చో, యెడల, చేయుచు, చేయుట లాంటివాటి కోసం నడుమంతా ఇంకోసారి వెతకాలి.

నామవాచకాల్లో 'ము' కూడా చూడు, కానీ కనబడిన ప్రతి 'ము'నూ సున్నాగా మార్చెయ్యకు. 'పుస్తకము' పుస్తకం అవుతుంది. 'రుసుము' వాడుకలోనూ రుసుమే.

'ఉన్నది' కనబడగానే మాత్రం 'ఉంది'కి గ్రాంథికమని తొందరపడొద్దు. "లోపల ఉన్నది పాత పత్రికలే" అన్నప్పుడు అది ముగింపు క్రియ కాదు, 'ఉన్న వస్తువు' అని అర్థం. దాని చోట 'ఉంది' పెట్టి చూడు, వాక్యం కూలిపోతుంది. కూలకపోతేనే అనుమానించు. అప్పుడు కూడా రాసినవాళ్ల ప్రాంతం కనుక్కో. కొన్నిచోట్ల మాటల్లోనే 'ఉన్నది' అంటారు. చేసి, చేసిన, వచ్చి, వచ్చిన లాంటివి రెండు భాషల్లోనూ ఒకటే, వాటి గురించి టెన్షన్ వద్దు. కొటేషన్లలో ఉన్న మాటలు ఎవరివి వాళ్లవి, ముట్టుకోకు.

ఇక ఎటువైపు దిద్దాలి? ఈ నోటీసులో వాడుకదే ఎక్కువ, చదివేదీ ఇప్పటివాళ్లే. చెల్లించాలి, పుస్తకం, పోగొట్టుకుంటే, చదువుకోవచ్చు. ఈ నాలుగూ మారిస్తే చాలు. అలాగని 'ఉంటుంది'ని 'ఉంటది' చేసి, 'చదువుకోవచ్చు'ని 'చదూకోవచ్చు' దాకా లాగకు. అప్పుడు మూడో రకం కలుస్తుంది, మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి.

మీ పెదనాన్న