సెమిస్టర్ పుస్తకాలు: కొత్తవా, పాతవా, డిజిటల్‌వా?

“బెంగళూరులో మెకానికల్ ఐదో సెమిస్టర్‌లోకి వచ్చాను. పుస్తకాలు కొత్తవి కొనాలా, అవెన్యూ రోడ్‌లో పాతవి తెచ్చుకోవాలా, ఈ-బుక్ అద్దెకు తీసుకుంటే సరిపోతుందా?”

కొన్న ధరను కాకుండా, సెమిస్టర్ అయ్యాక తిరిగి అమ్మితే చేతికి వచ్చేది పోను ఎంత ఖర్చయిందో చూడండి. నా హీట్ ట్రాన్స్‌ఫర్ పుస్తకం కొత్తది తగ్గింపుతో 640 రూపాయలు ఉండేది. అదే కొత్త ప్రతిని కొన్న స్నేహితుడికి తర్వాత అమ్మితే 250 వచ్చాయి, అంటే అతనికి 390 ఖర్చయింది. నేను అవెన్యూ రోడ్‌లో 300కు కొన్న పాత ప్రతి 150కి అమ్ముడుపోయింది. ఆరు నెలల ఈ-బుక్ అద్దె 260. అందులో తిరిగి వచ్చేది ఏమీ లేదు. అన్నింటికన్నా తక్కువ ఖర్చయింది నాకే.

అయితే నేను కొన్నది ముందటి ఎడిషన్. పాఠం దాదాపు ఒకటే అయినా, అధ్యాయాల చివరి లెక్కల వరుస, అంకెలు మారాయి. మా మేడమ్ అసైన్‌మెంట్‌ను లెక్కల నంబర్లతోనే ఇచ్చేవారు కనుక, ప్రతి వారం స్నేహితుడి పుస్తకంలోని పేజీలను ఫోన్‌లో ఫొటో తీసుకోవలసి వచ్చింది. మీరు బజారుకు వెళ్లే ముందే లైబ్రరీ ప్రతిలో ఏదో ఒక అధ్యాయపు చివరి లెక్కలను ఫొటో తీసుకుని, దుకాణంలో పక్కపక్కన పెట్టి చూడండి. కాగితం పలచగా ఉండి, గ్రాఫుల్లో సన్నని గీతలు అలుక్కుపోయి ఉంటే అది జిరాక్స్ ప్రతి కావచ్చు, దాన్ని కొనవద్దు.

డిజైన్ డేటా హ్యాండ్‌బుక్‌ను మాత్రం కొత్తదే కొనండి. పరీక్ష హాలులోకి ఫోన్‌ను, ట్యాబ్‌ను రానివ్వరు కనుక దాని ఈ-బుక్ అక్కడ పనికిరాదు. నేను 120కి కొన్న పాత ప్రతిలో ఎవరో పేజీ అంచుల్లో పెన్నుతో సూత్రాలు రాసి ఉంచారు, నేను గమనించలేదు. ఇన్విజిలేటర్ దాన్ని తీసేసుకున్నారు. పట్టికలు లేకుండా గేర్ లెక్క సగంలోనే ఆగిపోయింది. ఆ రోజు బాధ నాకు ఇంకా గుర్తుంది. పాతదే తీసుకోక తప్పకపోతే ప్రతి పేజీ తిప్పి చూడండి.

సిలబస్‌లో రెండు, మూడు అధ్యాయాలే అవసరమైన ఎలెక్టివ్‌కు, తర్వాతి సెమిస్టర్లలో మళ్లీ తెరవని పుస్తకానికి డిజిటల్ అద్దె సరిపోతుంది. ముందుగా కాలేజీ లైబ్రరీ లాగిన్‌లో ఉచితంగా దొరుకుతుందేమో చూడండి. గడువును కూడా లెక్కపెట్టుకోండి: ఆగస్టు 1న తీసుకున్న 180 రోజుల అద్దె జనవరి 28 ప్రాంతంలో ముగుస్తుంది. మీ పరీక్షలు ఫిబ్రవరికి జరిగినా, ఆ సబ్జెక్టు బ్యాక్‌లాగ్‌గా మిగిలినా మళ్లీ అద్దె కట్టాలి. రెండుసార్లు కట్టే 520తో అవెన్యూ రోడ్‌లో పాత ప్రతి కొనగా ఇంకా డబ్బు మిగులుతుంది.