29 తీసేస్తే 68 కాదు

"గ్రానైట్ కటింగ్ షెడ్‌లో మీటర్ 97 డీబీఏ చూపిస్తోంది. ఇయర్‌ప్లగ్ ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ 29 అని ఉంది. చెవికి 68 మాత్రమే చేరుతుందా?"

లేదండీ. ఎన్‌ఆర్‌ఆర్ అంటే ప్లగ్ ఎన్ని డెసిబెల్స్ మోత తగ్గిస్తుందో చెప్పే అంకె. ఆ 29 ల్యాబ్‌లో పక్కాగా పెట్టుకున్నప్పటి లెక్క. మీ రీడింగ్ డీబీఏలో, అంటే చెవి వినే తీరుకు సరిచేసిన డెసిబెల్స్‌లో ఉంది కాబట్టి ముందు 7 తీసేయండి, మిగిలిన 22లో సగమే నమ్మండి. అంటే 97లో 11 పోతే 86. 8 గంటల షిఫ్ట్‌కి అమెరికాలోని పని భద్రత పరిశోధన సంస్థ నియోష్ చెప్పే 85 కన్నా ఇంకా ఒకటి ఎక్కువే.

అసలు దెబ్బ ప్లగ్ తీసేసే నిమిషాల్లో ఉంది. నియోష్ లెక్కలో ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, అలా 97కి అరగంటే. ఫోన్ కోసమని, చెమటని తీసిన నిమిషాలన్నీ కలిపి అరగంటైతే ఆ రోజు కోటా అయిపోయినట్టే.

వినికిడి పరీక్ష, అంటే ఆడియోమెట్రీ, షిఫ్ట్ అయ్యాక చేయించకండి, తాత్కాలిక దిమ్ము కూడా నష్టంలా కనిపిస్తుంది. 14 గంటలు మోతకు దూరంగా ఉన్నాక చేయించి, 4000 హెర్ట్జ్ దగ్గర గ్రాఫ్ గీత గుంటలా దిగిందేమో చూడండి.