కాలిన వెంటనే పసుపు, పేస్టు, ఐసు ఎందుకు వద్దు

ప్రశ్న: వంట చేసేటప్పుడు వేడి గంజి, నూనె లాంటివి ఒంటి మీద పడితే మొదట ఏం చేయాలి? మా ఇంట్లో ఒకరు పసుపు అంటారు, ఒకరు టూత్‌పేస్ట్ అంటారు, ఇంకొకరు ఐసు పెట్టమంటారు. ఎంత కాలితే ఆసుపత్రికి వెళ్ళాలి?

జవాబు:

ఆ మూడింటిలో ఏదీ వద్దు. కాలిన చోటును వెంటనే కుళాయి కింద పెట్టి, చల్లని నీటిని 20 నిమిషాల పాటు ధారగా పోనివ్వండి. నేను గాజువాక వైపు ఒక కర్మాగారంలో చాలా కాలం ప్రథమ చికిత్స బృందంలో పనిచేశాను. అక్కడ మాకు మొదట నేర్పినదీ, ఇళ్ళలో జనం ఎక్కువగా వదిలేసేదీ ఈ 20 నిమిషాలే. మంట కొంచెం తగ్గగానే రెండు నిమిషాలకే చేయి తీసేసి, పూయడానికి ఏముందా అని వెతకడం మొదలుపెడతారు.

వేడి వస్తువు తొలగిపోయినా చర్మంలోకి దిగిన వేడి అక్కడే ఉండి లోపలి పొరలను ఇంకా దెబ్బతీస్తూనే ఉంటుంది. పూర్తిగా చచ్చిపోయిన భాగం చుట్టూ, బతకడమా చావడమా తేలని చర్మం కొంత ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో అది కోలుకోవచ్చు, లేదా అదీ చచ్చిపోయి గాయం లోతు పెరగవచ్చు. నీటి ధార కాపాడేది ముఖ్యంగా ఈ భాగాన్నే. ఐసు ముక్క నేరుగా పెడితే అక్కడి రక్తనాళాలు బిగుసుకుపోయి, బతకవలసిన ఆ చర్మానికి రక్తం అందదు. వెంటనే నీళ్ళు దొరక్కపోయినా, కాలిన తరువాత మూడు గంటల లోపు ఎప్పుడు మొదలుపెట్టినా ప్రయోజనం ఉంటుంది.

విశాఖలో ఉండేవాళ్ళకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్ళు స్నానానికి కాచినంత వేడిగా ఉంటాయి. ముందు మీ మణికట్టు మీద పోసి చూసుకోండి. వేడిగా ఉంటే ఇంట్లో పట్టి ఉంచిన బిందె నీళ్ళనో, మంచినీళ్ళ క్యాను నీళ్ళనో చెంబుతో నెమ్మదిగా పోస్తూ ఉండండి. కింద ఒక బేసిన్ పెట్టుకుంటే, పట్టిన నీళ్ళు వేడెక్కనంత వరకు వాటినే మళ్ళీ పోయవచ్చు.

మా చెల్లెలి విషయం చెబితే మిగతాది సులువుగా అర్థమవుతుంది. అన్నం వారుస్తుండగా మూత జారి, గంజి ఆమె ఎడమ ముంజేతి మీదా వేళ్ళ మీదా పడింది. గంజి మామూలు నీళ్ళలా జారిపోదు, చిక్కగా చర్మానికి అంటుకుని వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి గాయం లోతుగా అవుతుంది. ఆమె అత్తగారు అప్పటికే కొబ్బరినూనెలో పసుపు కలుపుకొని వచ్చారు. నేను ఆవిడతో, "అత్తయ్యగారూ, ముందు డాక్టరుగారిని చూడనివ్వండి, అప్పటిదాకా ఏమీ రాయకండి" అని చెప్పి, చెల్లెలి చేతిని కుళాయి కింద పెట్టించాను. నీళ్ళు పోస్తూనే ఉంగరమూ గాజులూ తీయించాను. చేయి వాచడం మొదలైతే అవి ఊడిరావు, పైగా బిగుసుకుపోయి వేలికి రక్తప్రసరణ ఆపేస్తాయి. గాజు కింద గంజి నిలిచిపోయిన చోట సన్నని పట్టీలా చర్మం తెల్లగా, మొద్దుగా కనిపించింది. చుట్టుపక్కల మాత్రం ఎర్రగా ఉండి బొబ్బలు లేస్తున్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు మొదట చూసింది ఆ రంగు తేడానే. ఎర్రటి చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడింది, ముట్టుకుంటే ఆమె విలవిలలాడింది. అంటే అక్కడ రక్తప్రసరణ ఉంది, నరాలు బతికే ఉన్నాయి. తెల్లటి పట్టీ మీద నొక్కినా రంగు మారలేదు, నొప్పీ పెద్దగా లేదు. నొప్పి లేదంటే గాయం చిన్నదని చాలామంది ఊరట పడతారు గానీ, కాలిన గాయాల్లో అది లోతుకు గుర్తు. పైపై బొబ్బలు సాధారణంగా మూడు వారాల లోపు మానతాయి. ఆ తెల్లటి పట్టీ అంతకన్నా ఆలస్యంగా మాని, మచ్చ మిగిల్చింది.

పసుపు పూసి ఉంటే ఈ రంగులేవీ కనిపించేవి కావు. మా పక్కింటి పిల్లవాడికి టీ పడినప్పుడు వాళ్ళ పాత అలవాటు ప్రకారం నీలం సిరా పోసి తీసుకువెళ్ళారు. లోతు తెలుసుకోవడానికి నర్సులు ఆ పచ్చి గాయాన్ని కడిగి తుడవవలసి వచ్చింది. కాలినప్పటి ఏడుపుకన్నా వాడు అప్పుడు ఏడ్చిందే ఎక్కువ. నెయ్యి, వెన్న, నూనె లాంటివి వేడిని బయటికి పోనివ్వకుండా పైన పొరలా పడతాయి. టూత్‌పేస్ట్‌లోని పదార్థాలు గాయాన్ని మరింత మండిస్తాయి. దోసె పిండి, కోడిగుడ్డు తెల్లసొన సూక్ష్మక్రిములను నేరుగా గాయంలోకి చేరుస్తాయి. డాక్టరు చూడకముందు మందుల షాపు క్రీములు కూడా రాయకండి, తెల్లటి క్రీము కింద కూడా గాయం లోతు దాగిపోతుంది.

నీళ్ళు పోయడం అయ్యాక గాయాన్ని కప్పాలి. ఆహారం మీద చుట్టే పల్చని ప్లాస్టిక్ పొర ఉంటే, చుట్టలోని మొదటి కొంత భాగం పారేసి, తరువాతి ముక్కను గాయం మీద పరచండి. చేయి వాస్తుంది కనుక చుట్టూ బిగించి చుట్టకండి, ముఖం మీద అసలు వేయకండి. అది లేకపోతే ఉతికిన మెత్తని నూలు గుడ్డ చాలు. దూది మాత్రం వద్దు, దాని పోగులు గాయానికి అతుక్కుంటాయి. బొబ్బలు చిదమకండి. బట్ట చర్మానికి అతుక్కుపోయి ఉంటే లాగకుండా, దాని చుట్టూ కత్తిరించండి.

ఎంత కాలిందో తెలుసుకోవడానికి, కాలిన మనిషి అరచేయి వేళ్ళతో సహా ఒంటిలో సుమారు 1 శాతం అని లెక్క. మా చెల్లెలికి కాలింది ఆమె అరచేతికి ఒకటిన్నర రెట్లే అయినా, చేతి వేళ్ళు, మణికట్టు కాబట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళక తప్పలేదు. ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ళు కాలినా, చేయి లేదా కాలు చుట్టూరా కాలినా, చర్మం తెల్లగా లేదా తోలులా మారినా, కరెంటు వల్ల గానీ యాసిడ్ వల్ల గానీ కాలినా పరిమాణంతో పని లేకుండా వెళ్ళాలి. ఇవేవీ కాకపోయినా, కాలింది ఆ మనిషి అరచేయి కన్నా పెద్దదైతే చూపించుకోవడం మంచిది. చిన్నపిల్లల బొబ్బలను ఎంత చిన్నవైనా డాక్టరుకు చూపించండి.

ఒంట్లో చాలా భాగం కాలితే, లేదా మూసిన గదిలో పొగ పీల్చిన మనిషి గొంతు బొంగురుపోతే, ముక్కు దగ్గర మసి కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక వార్డు ఉంది. పెద్ద గాయం మీద, ముఖ్యంగా పసిపిల్లల మీద, ఎక్కువసేపు నీళ్ళు పోస్తే ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడుతుంది. అందుకని కాలిన చోట మాత్రమే నీళ్ళు పోసి, మిగతా ఒంటికి దుప్పటి కప్పండి, వణుకు మొదలైతే పోయడం ఆపేయండి.

చిన్న గాయమని ఇంట్లోనే ఉంచుకున్నా, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకుని, అవసరమైతే వేయించుకోండి. తరువాతి రోజుల్లో నొప్పి తగ్గవలసింది పోయి పెరిగినా, చుట్టూ ఎరుపు పాకినా, దుర్వాసన గానీ జ్వరం గానీ వచ్చినా గాయంలో చీము చేరుతోందని అనుమానించి ఆ రోజే డాక్టరుకు చూపించండి.