రింగ్ ఒక్కటే సరిపోదు, ఒక్కో సర్వర్‌కి ఎన్ని పాయింట్లు పెట్టారో చూడండి

ప్రశ్న: మాకు నాలుగు మెమ్‌క్యాష్‌డ్ సర్వర్లు ఉన్నాయి. hash % 4 తో బాగానే నడుస్తోంది. ఇప్పుడు ఐదోది కలపాలి. ఇంత చిన్న సెటప్‌కి కూడా కన్సిస్టెంట్ హ్యాషింగ్ అవసరమా?

అవసరమే. కావాలంటే 0 నుంచి 19 దాకా హ్యాష్ విలువలు కాగితం మీద రాసుకుని, ఒక్కోదాన్ని 4తోనూ 5తోనూ భాగించి శేషం చూడండి. రెండు శేషాలూ ఒకటిగా వచ్చేవి 0, 1, 2, 3 మాత్రమే. అంటే నూటికి ఎనభై కీలు ఒక్కసారిగా వేరే సర్వర్‌కి పోతాయి. క్యాష్‌లో దొరకని ఆ రిక్వెస్టులన్నీ నేరుగా డేటాబేస్ మీద పడతాయి. కన్సిస్టెంట్ హ్యాషింగ్ కీలనీ సర్వర్లనీ ఒకే రింగ్ మీద పెడుతుంది, అప్పుడు కదలాల్సింది కొత్త సర్వర్ వాటా వరకే, అంటే సుమారు ఇరవై శాతం.

అయితే ఇంటర్వ్యూల్లో చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. బోర్డు మీద గుండ్రంగా గీసి, నాలుగు చుక్కలు పెట్టి, "కీ ఎక్కడ పడితే అక్కడి నుంచి సవ్యదిశలో మొదటి సర్వర్" అని చెప్పి మార్కర్ కింద పెట్టేస్తారు. నాకు చాలా కోపం తెప్పించే జవాబు అది. ఆ నాలుగు చుక్కల రింగ్ ప్రొడక్షన్‌లో ఏం చేస్తుందో నేను కళ్లారా చూశాను.

అప్పట్లో బస్ టికెట్లు అమ్మే ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. క్యాష్ లైబ్రరీని అక్కడి పాత టీమ్ సొంతంగా రాసుకుంది. అందులో సర్వర్‌కి ఒక్కటే పాయింట్. సంక్రాంతి బుకింగ్‌ల రద్దీలో ఒక సర్వర్ పవర్ సప్లై పోయి ఆగిపోయింది. నాలుగింట్లో ఒకటే కదా, మిగతా మూడూ మోస్తాయని అందరం అనుకున్నాం. గ్రాఫులు తెరిస్తే రెండు సర్వర్లలో గీత ఎప్పటిలాగే ఉంది. మూడోదాంట్లో మాత్రం evictions గీత, అంటే చోటు చాలక తీసేస్తున్న కీల లెక్క, నిట్టనిలువుగా లేచింది.

ఎందుకో లెక్క చూడండి. రింగ్ మీద 0 నుంచి 99 దాకా స్థానాలున్నాయని, సర్వర్లు 10, 25, 60, 90 దగ్గర పడ్డాయని అనుకుందాం. అప్పుడు వాటి వాటాలు వరుసగా 20, 15, 35, 30. మొదటే సమానంగా లేవు. ఇప్పుడు 60 దగ్గరిది పోతే దాని 35 మొత్తం 90 దగ్గరిదానికే వెళ్తుంది, దాని భారం 65 అవుతుంది. కొత్త కీలకు చోటివ్వడానికి అది తన పాత కీలను కూడా తీసిపారేస్తుంది. అలా పోయినదాని కీలతో పాటు, బతికున్నదాని కీలకు కూడా మిస్‌లు మొదలవుతాయి. ఆ రాత్రి సీట్ల లేఅవుట్ పేజీ తెరుచుకోవడానికే యుగాలు పట్టింది. టెన్షన్‌లో మేనేజర్లు "డేటాబేస్ స్లో" అంటూ డీబీఏల మీద పడ్డారు. పాపం వాళ్ల తప్పేమీ లేదు.

దీనికి మందు వర్చువల్ నోడ్లు, అంటే ఒక్కో సర్వర్‌ని రింగ్ మీద చాలా చోట్ల పెట్టడం. 1997లో ఎంఐటీ నుంచి వచ్చిన కన్సిస్టెంట్ హ్యాషింగ్ అసలు పేపర్‌లోనే ఒక్కో క్యాష్‌ని చాలా పాయింట్ల దగ్గర పెట్టమని ఉంది, అది తర్వాత అతికించిన ఆలోచన కాదు. లాస్ట్.ఎఫ్ఎం వాళ్లు 2007లో ఇచ్చిన కెటామా లైబ్రరీ, సర్వర్ పేరుకి ఒక నంబర్ తగిలించి నలభై సార్లు MD5 చేస్తుంది. ఒక్కో ఫలితాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు పాయింట్లుగా వాడుతుంది. మొత్తం 160. నాలుగు సర్వర్లుంటే ఒక్కోదాని వాటా ఇరవై అయిదుకి రెండు మూడు అటూ ఇటూగా ఉంటుంది. ఒకటి పోతే దాని భారం మిగతా మూడింటికీ తలా ఎనిమిది చొప్పున పంచుకుపోతుంది.

మీరు మోడ్యులో నుంచి కెటామాకి మారేటప్పుడు మాత్రం ఎక్కువ కీలు ఎలాగూ కదులుతాయి. ఆ దెబ్బ ఒక్కసారే, రద్దీ లేని వేళ తినేయండి. ఐదో సర్వర్‌ని అదే రోజు కలపండి. ముందుగా మీ కీలలో ఒక లక్ష తీసుకుని, పాత, కొత్త రింగ్‌లతో ఇలా పరీక్షించండి:

```python
sum(old.owner(k) != new.owner(k) for k in keys) / len(keys)
```

నాలుగు సర్వర్ల కెటామా రింగ్ నుంచి ఐదింటికి ఇది 0.2 దగ్గర రావాలి. 0.8 వస్తే లైబ్రరీ ఇంకా మోడ్యులోలోనే ఉన్నట్టు. వేర్వేరు భాషల్లో సర్వీసులుంటే ఒకే కీకి అన్నీ ఒకే సర్వర్ చెబుతున్నాయో లేదో కూడా చూడండి. ఒక కాన్ఫిగ్‌లో ఐపీ, ఇంకోదాంట్లో హోస్ట్‌నేమ్ ఉన్నా రింగ్‌లు కలవవు.

మరొకటి. నెట్‌వర్క్ తెగి కాసేపు బయటికి పోయిన సర్వర్, రీస్టార్ట్ కాకుండానే తిరిగి చేరితే దాని దగ్గర పాత విలువలే ఉంటాయి. ఈలోగా కొత్త విలువలు పక్క సర్వర్లలో రాసి ఉంటాయి. రింగ్ మళ్లీ పాతదాన్నే చూపిస్తుంది కాబట్టి, అమ్ముడైపోయిన సీటు ఖాళీగా కనిపిస్తుంది. అందుకే తిరిగి చేర్చే ముందు ఆ సర్వర్ మీద flush_all కొట్టి పాత విలువలన్నీ తుడిచేయండి.