మొదటి మాటలో దేవుడి పేరు దాచిపెట్టు

తమ్ముడూ,

అరవై సెకన్ల యూట్యూబ్ షార్ట్ కోసం నువ్వు పంపిన గజేంద్ర మోక్షం స్క్రిప్టు చదివాను. కథ చక్కగా నడిపావు, ఎత్తుగడ ఒక్కటే మార్చాలి. "అందరికీ నమస్కారం. ఈరోజు మనం భాగవతంలోని గజేంద్ర మోక్షం గురించి తెలుసుకుందాం" అని మొదలుపెట్టావు. ఫోన్‌లో టైం చూసుకుంటూ పైకి చదివితే దాదాపు ఆరు సెకన్లు పట్టింది. పైగా ఆ పేరు వినగానే ఏనుగు, మొసలి, చక్రం అన్నీ గుర్తొచ్చేస్తాయి. తెలిసిన కథే కదా అని వేలు తెరని పైకి తోసేస్తుంది.

పోతన ఏం చేశాడో చూడు. విష్ణువు బయలుదేరే పద్యాన్ని "సిరికిం జెప్పడు" అని ఎత్తుకున్నాడు. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు పట్టడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయమనడు. స్వామి ఏమేం చేయలేదో వరసగా చెబుతుంటే ఆ తొందర మన కళ్లకు కడుతుంది.

నువ్వూ అక్కడే మొదలుపెట్టు. "విష్ణుమూర్తి లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా పరుగెత్తాడు" అని మొదట రాసి చూశాను. ఇరవై అక్షరాలు, మూడు సెకన్లు దాటుతోంది. అందుకని "లక్ష్మీదేవికి కూడా చెప్పలేదు" దగ్గర ఆపేశాను. పదకొండు అక్షరాలు, రెండు సెకన్లలో అయిపోతుంది. చెప్పనిది ఆయనా, ఆమెనా, వాళ్లా అన్నది మన "చెప్పలేదు" బయటపెట్టదు. ఎవరు చెప్పలేదు, ఏం చెప్పలేదు అని వినేవాళ్లే అడుగుతారు. వెంటనే "శంఖం, చక్రం చేతికి తీసుకోలేదు" అను. విష్ణువని అప్పుడు అర్థమవుతుంది, ఎందుకంత తొందరో మాత్రం ఇంకా తెలియదు. ఎనిమిదో సెకనుకు ఏనుగు కాలు మొసలి నోట్లో కనిపించాలి.

మాట దాచిన సంగతిని బొమ్మ బయటపెట్టకూడదు. మొదటి ఫ్రేమ్‌లో శేషశయనుడి పటం వద్దు, నీళ్లలో కదిలే తామరాకు చాలు. సౌండ్ ఆపి చూసేవాళ్ల కోసం ఆ వాక్యాన్నే పెద్ద అక్షరాలతో తెర మధ్యలో వెయ్యి. కింద వేస్తే వీడియో టైటిల్ కప్పేస్తుంది.

నా మొదటి వీడియోలో గంట మోగించి, దీపం చూపించి, ఆ తర్వాత మాట మొదలుపెట్టాను. ఏ సెకను దాకా ఎంతమంది చూశారో చూపే గ్రాఫ్ యూట్యూబ్ స్టూడియోలో చూస్తే దీపం దగ్గరే గీత నిట్టనిలువుగా పడిపోయింది. నువ్వూ ఆ గీత చూడు. మొదట్లోనే పడిపోతే ఎత్తుగడ తప్పు. మొదట నిలబడి పదిహేనో సెకను దగ్గర జారితే, వాళ్ల ప్రశ్నకు జవాబు ఆలస్యమైందని అర్థం.

"ఇది చూడకపోతే అరిష్టం" లాంటి వాక్యం మాత్రం ఎప్పుడూ రాయకు. శరణన్నవాడి కోసం పరుగెత్తుకొచ్చిన స్వామి కథ అది, దాన్ని భయపెట్టి చూపించకూడదు.

నమస్కారం లేకుండా మొదలుపెడితే అమ్మ నొచ్చుకుంటుందన్నావు. దాన్ని చివర్లో పెట్టు. పద్యం మొత్తం అరవై సెకన్లలో ఇమడదు, మొదటి పాదం ఒక్కటే పాడు. "సిరికిం జెప్పడు" వినగానే మొదట విన్న మాట ఎక్కడిదో వాళ్లకు తెలుస్తుంది. ఆ పాదం అయ్యాక చేతులు జోడించు.

మార్చి రాసి పంపు.

మీ అన్నయ్య