ఏది సగం?

తమ్ముడూ,

పిల్లల కోసం నువ్వు రాసిన లెక్కల కథ రెండుసార్లు చదివాను. గాజువాకలో కూరగాయల వ్యాను ఎక్కిన డ్రైవరు బాగా కుదిరాడు. లెక్క దగ్గరే దెబ్బతింది. "సగం ప్రయాణం గంటకు 20 కిలోమీటర్ల వేగంతో, మిగతా సగం 60తో వెళ్లాడు కాబట్టి సగటు వేగం 30" అన్నావు. ఏది సగం? దారా, సమయమా?

నీ కథలోనే జవాబుంది. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఎన్ఏడీ, మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ వెళ్లాడు. తొమ్మిది నుంచి పది దాకా శ్రీకాకుళం వైపు హైవే మీద దూసుకుపోయాడు. రెండూ చెరో గంట. మొదటి గంటలో 20 కిలోమీటర్లు, రెండో గంటలో 60. మొత్తం 80ని 2 గంటలతో భాగిస్తే 40. రెండో గంటలోంచి 20 కిలోమీటర్లు తీసి మొదటి గంటకు ఇచ్చావనుకో, రెండూ 40 అయిపోతాయి. పిల్లలకు ఇలా చెబితే సూత్రం అక్కర్లేదు.

నీ 30 ఎక్కడిదో తెలుసు. రెండు వేగాలను a, b అనుకుని 2ab/(a+b) అన్న సూత్రం వాడావు. అది దూరాలు సమానమైనప్పటిది. అదే 80 కిలోమీటర్లను 40, 40గా విడదీస్తే, మొదటి ముక్కకు 2 గంటలు, రెండోదానికి 40 నిమిషాలు పడతాయి. నెమ్మది దారే మూడు రెట్లు ఎక్కువ సమయం మింగేస్తుంది, అందుకే సగటు 30కి దిగుతుంది. "వేగాలను కూడి రెండుతో భాగించకూడదు" అని కోచింగుల్లో బట్టీ పట్టించేది ఈ కేసు కోసమే. సమయాలు సమానమైతే నిశ్చింతగా భాగించొచ్చు. కుర్రతనంలో నేనూ ఇదే పొరపాటు అచ్చులో చేశాను. ఒక పాఠకుడు పోస్టుకార్డు మీద దిద్ది పంపాడు.

అనుమానం వస్తే తొమ్మిది గంటలకు వ్యాను ఎక్కడుందో చూడు. సమయం సగం అయింది, దారి మాత్రం పావు వంతే. దారిలో సగం, అంటే 40 కిలోమీటర్లు, 9:20కి గానీ దాటడు. ఈ రెండు సగాలూ ఒకచోట పడవు కాబట్టే "సగం ప్రయాణం" అనే మాట అక్కడ పనికిరాదు. "సగం సేపు" అని రాయి.

తగరపువలస దగ్గర డ్రైవరు చేత టీ తాగించాలని ఉందని ఫోన్లో అన్నావు. తాగించు. కానీ ఆ 20 నిమిషాలు కూడా ప్రయాణ సమయమే. వేగం సున్నా అయిన మూడో ముక్క అది. అప్పుడు 80 కిలోమీటర్లకు 2 గంటల 20 నిమిషాలు, సగటు 34 పైచిలుకు. టీ ఉంచితే జవాబు మార్చు, 40 కావాలంటే టీ ప్రయాణం మొదలవకముందే గాజువాకలో తాగించు.

మీ అన్న,
విశాఖపట్నం